షుగర్ ఉన్న మనిషికి బీజాల సంచి వాచి జ్వరం వస్తే తెల్లవారే దాకా ఆగొచ్చా?

ప్రశ్న: మాది గాజువాక. మా నాన్నగారికి 58 ఏళ్లు, పన్నెండేళ్లుగా షుగర్. నాలుగు రోజుల కిందట మలద్వారం పక్కన సెగ్గడ్డ లేచింది. నిన్న సాయంత్రం నుంచి బీజాల సంచి వాచి ఎర్రబడింది, జ్వరం 102. మా వీధిలో ఆర్‌ఎంపీ గారు ఇంజక్షన్ చేసి, ఇది వరిబీజం, రెండు రోజులు చూద్దాం అన్నారు. పొద్దున నొప్పికి అరిచిన మనిషి ఇప్పుడు కాస్త తగ్గిందంటున్నారు, కానీ వాపు పొత్తికడుపు దాకా వచ్చింది. ఇప్పుడు రాత్రి తొమ్మిదయింది. పొద్దున్నే తీసుకెళ్తే సరిపోతుందా డాక్టరు గారూ?

జవాబు:

ఆగొద్దు. ఇప్పుడే బయల్దేరండి. 108కి ఫోన్ చేయండి, అది రావడం ఆలస్యమయ్యేలా ఉంటే ఆటో అయినా కారు అయినా దొరికిన బండిలో ఎక్కించండి. చిన్న నర్సింగ్ హోంకి వద్దు. రాత్రిపూట సర్జన్, మత్తు డాక్టరు, ఆపరేషన్ థియేటర్, ఐసీయూ, బ్లడ్ బ్యాంకు అన్నీ ఒకేచోట ఉండే పెద్ద ఆసుపత్రికి వెళ్లాలి. విశాఖ కేజీహెచ్ క్యాజువాలిటీ రాత్రంతా తెరిచే ఉంటుంది. ప్రైవేటుకి వెళ్లేటట్టయితే బయల్దేరేముందే ఫోన్ చేసి, "ఈ రాత్రే ఆపరేషన్ చేయగల సర్జన్ ఉన్నారా" అని ఒక్క ముక్క అడగండి. ఉదయం పెద్ద డాక్టరు వస్తారు, అప్పటిదాకా అడ్మిట్ చేసి ఉంచుతాం అంటే అక్కడికి వెళ్లకండి.

ఆయన వాడే మాత్రలన్నీ ఒక కవర్లో వేసుకోండి. ఆర్‌ఎంపీ గారు ఏ ఇంజక్షన్ చేశారో ఫోన్ చేసి కనుక్కోండి. తినడానికి ఏమీ పెట్టకండి, మత్తు ఇవ్వాల్సి రావచ్చు. చెమటలు పట్టి వణుకుతుంటే మాత్రం షుగర్ చూడండి, 70 కన్నా తక్కువుంటే గ్లూకోజు ఇవ్వండి. క్యాజువాలిటీలో వాపు అని ఊరుకోకండి. "షుగర్ ఉంది, నిన్నటి నుంచి బీజాల సంచి వాచింది, ఇవాళ పొత్తికడుపుకి పాకింది, జ్వరం ఉంది, ఫోర్నియర్ అయ్యుంటుందేమో సర్జన్‌ని పిలవండి" అని ఈ మాటలే చెప్పండి. ఫోర్నియర్ అంటే ఆ భాగంలో చర్మం కింది పొర వేగంగా కుళ్లిపోయే జబ్బు. ఆ పేరు వినగానే డ్యూటీలో ఉన్నవాళ్లు చురుగ్గా కదులుతారు.

మీరు ఇక్కడితో చదవడం ఆపి బయల్దేరండి. మిగతాది దారిలోనో, ఆసుపత్రి వరండాలో కూర్చున్నప్పుడో చదువుకోవచ్చు. ఇదే పరిస్థితి ఇంకో ఇంట్లో వచ్చినా పనికొస్తుందని వివరంగా రాస్తున్నాను.

నాకు ఇంత తొందర ఎందుకంటే, మీ ప్రశ్నలో నన్ను భయపెట్టింది జ్వరం కాదు, నొప్పి తగ్గిందన్న మాట. ఈ జబ్బులో నొప్పి తగ్గితే నయమవుతోందని కాదు. చర్మం కింద ఉన్న నరాలు చచ్చిపోతే కూడా నొప్పి ఆగిపోతుంది. వాపు పెరుగుతూ నొప్పి తగ్గితే అది మంచికి కాదు. ఇంటివాళ్లు ఊపిరి పీల్చుకుని తెల్లవారే దాకా చూద్దామనుకునేది సరిగ్గా ఆ పూటే.

దీన్ని ఫోర్నియర్ గాంగ్రిన్ అంటారు. 1883లో పారిస్‌లో ఫోర్నియర్ అనే వైద్యుడు వయసులో ఉన్న అయిదుగురు మగవాళ్లలో, ఏ కారణమూ కనబడకుండా, ఉన్నట్టుండి వచ్చిన ఈ కుళ్లు గురించి చెప్పాడు. ఆయన పేరే మిగిలింది కానీ ఆయన చెప్పిన లక్షణాలు మన రోగులకి పెద్దగా అతకవు. మనకి వచ్చేవాళ్లలో ఎక్కువమంది నడివయసు దాటినవాళ్లు, షుగర్ అదుపులో లేనివాళ్లు. కారణం కూడా వెతికితే దొరుకుతుంది. మలద్వారం పక్కన సెగ్గడ్డ, మూత్రనాళం సన్నబడి అక్కడ చీము పట్టడం, మూత్రం పైపు వల్ల గాయం, లేదా గజ్జల్లో గీసుకున్న చిన్న గాటు. ఆడవాళ్లకి తక్కువగా వస్తుంది కానీ వస్తుంది. యోని పెదవుల దగ్గర గడ్డతో మొదలవుతుంది. చూపించుకోవడానికి సిగ్గుపడి వాళ్లు ఇంకా ఆలస్యంగా వస్తారు.

లోపల ఏం జరుగుతుందో తెలిస్తే తొందర ఎందుకో అర్థమవుతుంది. చర్మానికీ కండకీ మధ్య ఒక పలచని పొర ఉంటుంది. పరుపుకీ దుప్పటికీ మధ్య నీళ్లు పోస్తే పైకి ఏమీ కనబడకుండా అంచు దాకా ఎలా పాకుతాయో, ఆ పొర మీద చీము అలా పాకుతుంది. బీజాల సంచి కింద ఉన్న పొర, మలద్వారం ముందున్న పొర, పొత్తికడుపు మీది పొర ఒకదానికొకటి అతుక్కునే ఉన్నాయి. తొడ దగ్గర అది ఎముకకి గట్టిగా కట్టుబడి ఉంటుంది. అందుకే వాపు తొడ కిందికి దిగడం కన్నా పొత్తికడుపు మీదికి ఎక్కడం ఎక్కువ. అక్కడి నుంచి బొడ్డు దాటి పక్కటెముకల దాకా కూడా వెళ్లగలదు.

దీన్ని నడిపేది ఒక్క క్రిమి కాదు. పేగుల్లో మామూలుగా ఉండే ఇ.కోలి, చర్మం మీది స్ట్రెప్టోకోకస్, స్టాఫ్, గాలి తగలకుండా బతికే బాక్టీరాయిడ్స్ లాంటివి కలిసికట్టుగా పనిచేస్తాయి. ఇవి వదిలే విషాలకి అక్కడి చిన్న రక్తనాళాల్లో రక్తం గడ్డకడుతుంది. రక్తం అందని చోట పొర చచ్చిపోతుంది. చచ్చిన పొరలో గాలి అవసరం లేని క్రిములు ఇంకా హాయిగా పెరుగుతాయి. ఊకలో పడ్డ నిప్పు ఇంతే, పైన బూడిద రంగు తప్ప మంట కనబడదు, లోలోపల గంపంతా కాలిపోతుంది. పైన చర్మం నల్లబడేసరికి లోపల అంతకన్నా చాలా ఎక్కువ మేర పోయి ఉంటుంది.

ఇక్కడే యాంటీబయాటిక్ సంగతి కూడా చెప్పాలి. "సూది మందు మంచిది పడింది కదా" అని చాలామంది అంటారు. మందు చేరాలంటే రక్తం మీదే చేరాలి. రక్తం పోయే దారి మూసుకుపోయిన చోటికి ఎంత ఖరీదైన ఇంజక్షనూ అందదు. ఒంట్లోకి పాకిన విషాన్ని అదుపు చేయడానికి, బతికున్న భాగాన్ని కాపాడుకోవడానికి మందు కావాలి. చచ్చిన పొరని కత్తితోనే తీయాలి. అందుకే ఈ జబ్బులో మందులకీ ఆపరేషన్‌కీ మధ్య ఎంపిక లేదు, రెండూ ఆ రాత్రే జరగాలి.

ఇక వరిబీజం అన్న మాట. ఉత్తరాంధ్ర తీరంలో బోదకాలు, వరిబీజం పాత జబ్బులు. ఆ వైపు బీజాల సంచి వాచిందంటే మొదట ఆ మాటే నోటికొస్తుంది, ఆర్‌ఎంపీ గారిని నేను పెద్దగా తప్పుపట్టను. కానీ వరిబీజం నెలల మీద పెరుగుతుంది, నొప్పి ఉండదు, జ్వరం రాదు, పైనున్న చర్మం మామూలు రంగులో ఉంటుంది. బోదకాలు ఉన్నవాళ్లకి చలిజ్వరంతో ఎర్రవాపు వస్తుంది, అది నిజమే. అయితే వాళ్లకి అది ఏడాదికి రెండు మూడుసార్లు తిరిగి వస్తూ ఉంటుంది, ముందునుంచే వాపు కూడా ఉంటుంది. మీ నాన్నగారికి ఇవేవీ లేవు. మీరు రాసిన నాలుగు రోజుల కథలో పక్కన సెగ్గడ్డ, ఒక్క రోజులో వాపు, షుగర్, పాకడం అన్నీ ఒకే దిక్కు చూపిస్తున్నాయి.

ఇంట్లో ఒక్క చిన్న పని చేయొచ్చు. బాల్ పెన్నుతో ఎర్రదనం అంచు చుట్టూ గీత గీసి పక్కన టైము రాయండి. మామూలు చర్మపు సెగ అయితే మందు పడ్డాక అది మెల్లగా కదులుతుంది. ఇది మాత్రం కళ్లముందే గీత దాటిపోతుంది. గీత గీసిన తర్వాత గంట కూర్చుని చూడాలని మాత్రం చెప్పట్లేదు. గీత గీసి బండెక్కండి, ఆసుపత్రిలో డాక్టరు ఆ గీతని చూసుకుంటారు. ఎంత వేగంగా పాకుతోందో వాళ్లకి ఆ టైము చెబుతుంది.

ఇప్పుడొక మనిషి కథ. నేను డ్యూటీలో ఉన్నప్పుడు చూసినది, ఆయన గురించి ఎవరూ గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు మార్చాను. పెందుర్తి వైపు ఒక మెకానిక్, 54 ఏళ్లు. ఎనిమిదేళ్లుగా షుగర్, మాత్రలు సగం రోజులు వేసుకుంటాడు. సోమవారం మలద్వారం పక్కన సెగ్గడ్డ. వేడి చేసిందనుకుని మజ్జిగ తాగి, పసుపూ సున్నం రాశాడు. మంగళవారం జ్వరం. భార్యకి "ఒళ్లు నొప్పులు" అని చెప్పాడు, గడ్డ సంగతి చెప్పలేదు. బుధవారం దగ్గర్లోని ఒక క్లినిక్‌లో డైక్లోఫెనాక్, డెక్సామెథాసోన్ ఇంజక్షన్లు చేశారు. నాలుగైదు గంటలు ప్రాణం లేచొచ్చినట్టయింది. మళ్లీ బుధవారం రాత్రి నొప్పి, గురువారం బీజాల సంచి వాపు. గురువారం రాత్రి పదకొండు గంటలకి క్యాజువాలిటీకి తెచ్చారు.

ఆ రెండు ఇంజక్షన్ల గురించి ఆగి చెప్పాలి, మన దగ్గర ఇది మామూలు. డెక్సామెథాసోన్ స్టెరాయిడ్. జ్వరం, నొప్పి తగ్గించి మనిషికి బాగున్నట్టు అనిపించేలా చేస్తుంది, ఒంట్లో రోగనిరోధక శక్తిని అణచేస్తుంది, షుగర్ పెంచేస్తుంది. డైక్లోఫెనాక్ జ్వరాన్ని దాచేస్తుంది, అసలే రక్తపోటు తగ్గుతున్న మనిషికి కిడ్నీల మీద దెబ్బ వేస్తుంది. అంటే లోపల నిప్పు అలాగే ఉండి, బయట కూసే అలారం మాత్రం ఆపేసినట్టు. అందుకే ఏ ఇంజక్షన్ చేశారో కనుక్కోమన్నాను.

మేం చూసేటప్పటికి ఆయన మాట స్పష్టంగానే ఉంది, కానీ నాడి నిమిషానికి 128, రక్తపోటు 90/60. షుగర్ 420. సంచి కింద రూపాయి బిళ్లంత నల్లమచ్చ. దాని పక్కన వేలుతో నొక్కితే చర్మం కింద ఉప్పు మీద కాలు పెట్టినట్టు కరకరమని శబ్దం. అది గాలి. క్రిములు వదిలిన గాలి. ఆ శబ్దం అందరిలోనూ రాదు, లేకపోయినంత మాత్రాన ఆగకూడదు. దుర్వాసన మాత్రం ఆయన్ని తెచ్చిన స్ట్రెచర్ దగ్గరికే తెలిసింది. కిడ్నీ చూపే క్రియాటినిన్ పెరిగి 2.1, తెల్లరక్తకణాలు పెరిగి 24 వేలు, సోడియం పడిపోయి 128.

స్కాన్‌కి పంపలేదు. కొందరికి సీటీ స్కాన్ తీయడం మంచిదే, పాకిన మేర తెలుస్తుంది. కానీ నల్లమచ్చ, కరకర, పడిపోతున్న రక్తపోటు మూడూ సాక్ష్యం చెబుతుంటే స్కాన్ గదికి తీసుకెళ్లే అరగంట కూడా వృథాయే. అనుమానం సగం సగంగా ఉన్నప్పుడు మేం ఇంకో పని చేస్తాం. స్థానికంగా మత్తిచ్చి రెండు సెంటీమీటర్ల గాటు పెట్టి వేలు లోపల పెడతాం. ఆరోగ్యంగా ఉన్న పొర వేలికి గట్టిగా అడ్డుతగులుతుంది, రక్తం చిమ్ముతుంది. ఇక్కడైతే రక్తం రాదు, అంట్లు కడిగిన నీళ్లలాంటి బూడిదరంగు ద్రవం కారుతుంది, వేలు ఏ శ్రమా లేకుండా జారిపోతుంది. దాంతో ఇక మాట్లాడాల్సింది లేదు.

ఆపరేషన్‌కి తీసుకెళ్లే లోపు ఒకటిన్నర గంట ఒంటిని నిలబెట్టాం. సెలైన్ గబగబా ఎక్కించాం, మొదటి మూడు గంటల్లో కిలోకి 30 మి.లీ. చొప్పున, అంటే డెబ్బై కిలోల మనిషికి సుమారు రెండు లీటర్లు. ఇన్సులిన్ డ్రిప్ పెట్టాం. రక్తం కల్చర్‌కి తీసి వెంటనే యాంటీబయాటిక్స్ మొదలుపెట్టాం. పేగు క్రిములకీ గాలి లేకుండా బతికేవాటికీ మెరోపెనెం, మొండి స్టాఫ్‌కి వాంకోమైసిన్, క్రిముల విషం తయారవకుండా క్లిండామైసిన్. ఇవి ఇంట్లో ఎవరూ గుర్తుపెట్టుకోవక్కర్లేదు, ఒక్క మందు చాలదని తెలిస్తే చాలు.

సంతకం దగ్గర ఇంకో ముప్పావుగంట పోయింది. ఆయన అన్నగారు "మగతనం పోతుందా" అని అడిగారు. అందరి మనసులోనూ ఉండే ప్రశ్నే, అడగడమే మంచిది. జవాబు ఏంటంటే, బీజాలు సాధారణంగా చెడవు. వాటికి రక్తం వచ్చేది కడుపు లోపలి పెద్ద రక్తనాళం నుంచి, వేరే దారిలో. చెడిపోయేది వాటిని చుట్టుకున్న సంచి. ఆయనకీ అంతే అయింది, సంచి దాదాపు మొత్తం తీసేశాం, రెండు బీజాలూ గులాబీ రంగులో చెక్కు చెదరకుండా ఉన్నాయి.

రాత్రి ఒకటిన్నరకి ఆపరేషన్ మొదలైంది. నల్లమచ్చ రూపాయంత అన్నాను కదా, లోపల చచ్చిన పొర అరచేతి వెడల్పున కుడి గజ్జ మీదుగా బొడ్డు కింద దాకా ఉంది. నియమం ఒక్కటే, కోసిన అంచు నుంచి ఎర్రటి రక్తం కారే దాకా తీస్తూ పోవాలి. బయటి చర్మం బాగుందని చూసి మధ్యలో ఆగితే మిగిలిన ముక్క నుంచే మళ్లీ రాజుకుంటుంది. బాగున్న చర్మాన్ని అనవసరంగా తీయకూడదు, చచ్చినదాన్ని మాత్రం ఒక్క వేలంత కూడా వదలకూడదు.

ఇంటివాళ్లకి ముందే చెప్పాల్సింది ఒకటుంది. ఇది ఒక్క ఆపరేషన్ కాదు. మర్నాడు, అంటే ఇరవైనాలుగు గంటల లోపే, మళ్లీ థియేటర్‌కి తీసుకెళ్లి విప్పి చూస్తాం. ఆయనకి మూడుసార్లు పట్టింది, చాలామందికి అంతే. ఇది ముందే చెప్పకపోతే రెండోసారి సంతకం అడిగినప్పుడు "మొదటిసారి సరిగ్గా చేయలేదా" అనుకుంటారు. మలం తగిలే చోట పెద్ద గాయం ఉంటే కొన్ని నెలలపాటు మలాన్ని కడుపు మీద పెట్టిన సంచిలోకి మళ్లించాల్సి కూడా రావచ్చు. ఈ మనిషికి అవసరం పడలేదు.

ఆయన బతికాడు, కానీ అందరూ బతకరు. మంచి సౌకర్యాలున్న చోట కూడా ఈ జబ్బులో అయిదుగురిలో ఒకరు చనిపోతారు, ఆలస్యంగా వచ్చినవాళ్లలో అంతకన్నా ఎక్కువ. నేను చూసినవాళ్లలో తేడా తెచ్చింది ఆసుపత్రి పేరు కాదు, మొదటి కత్తి పడిన గంట.

షుగర్ గురించి రెండు మాటలు. చివర "గ్లిఫ్లోజిన్" అని ఉండే మాత్రలు, డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ లాంటివి, ఇప్పుడు మన దగ్గర చాలామంది వాడుతున్నారు. ఇవి చక్కెరని మూత్రంలోకి పంపేస్తాయి, అందువల్ల ఆ ప్రాంతంలో తడి, చక్కెర పెరుగుతాయి. 2018లో అమెరికా మందుల సంస్థ ఎఫ్‌డీఏ వీటికీ ఫోర్నియర్‌కీ సంబంధం ఉండొచ్చని హెచ్చరించింది. అలాంటి కేసులు చాలా అరుదు, గుండెకీ కిడ్నీలకీ ఆ మాత్రల మేలు పెద్దది, కాబట్టి భయపడి రేపే మానేయకండి. కానీ జననాంగాల దగ్గర నొప్పీ వాపూ జ్వరం మొదలైతే ఆ మాత్ర ఆపి వెళ్లి చూపించుకోవాలి. వీటితో ఇంకో చిక్కుంది. మీటర్‌లో షుగర్ 180, 200 ఉన్నా రక్తంలో కీటోన్లనే ఆమ్లాలు ప్రమాదకరంగా పెరిగి ఉండొచ్చు. "షుగర్ పెద్దగా లేదు కదా" అని ఎవరైనా అంటే, మీ నాన్నగారు ఈ మాత్ర వాడుతుంటే ఆ సంగతి గట్టిగా చెప్పండి. అందుకే మాత్రల కవర్ తీసుకెళ్లమన్నది.

మెకానిక్ 26 రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు. గాయం శుభ్రంగా ఎర్రబడ్డాక లోపలి గాలినీ తడినీ పీల్చేసే డ్రెస్సింగ్ రెండు వారాలు వేశాం. తర్వాత తొడ మీది చర్మం తీసి అతికించాం. కొందరికి గాయం మానే దాకా బీజాలని తొడ చర్మం కింద జేబులా చేసి దాస్తాం, ఈయనకి ఆ అవసరం రాలేదు. చేరినప్పుడు మూడు నెలల సగటు షుగర్ చూపే హెచ్‌బీఏ1సీ 11.2 ఉంది. ఇంటికి వెళ్లేటప్పుడు రెండు పూటలా ఇన్సులిన్ వేసుకోవడం నేర్పి పంపాం. ఆరునెలల తర్వాత గ్యారేజీకి వెళ్లడం మొదలుపెట్టాడు, వంగి పనిచేసేటప్పుడు అతికిన చర్మం లాగుతుందని మాత్రం అంటుంటాడు.

మీరు బయల్దేరారని అనుకుంటున్నాను. ఆసుపత్రిలో సర్జన్ చూసి ఫోర్నియర్ కాదు, మామూలు గడ్డే అంటే చాలా మంచిది, దాన్ని కోసి చీము తీసి పంపేస్తారు. కోయాలి అంటే "పొద్దున చుట్టాలతో మాట్లాడి చెబుతాం" అనకండి, ఆ సంతకం అక్కడే పెట్టేయండి.